శబ్దంతో, ఫ్రేముతో భయం : హారర్ లఘుచిత్రానికి స్క్రిప్టు రాయడం

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు :

* రక్తపాతం చూపకుండా, శబ్దం ద్వారా ఉత్కంఠ ఎలా పుడుతుందో వివరించగలుగుతారు.
* ఫ్రేములో ఏది చూపాలి, ఏది ఫ్రేము బయట ఉంచాలి అనేది స్క్రిప్టు దశలోనే నిర్ణయించగలుగుతారు.
* ఆరు నిమిషాల హారర్ లఘుచిత్రానికి దృశ్యం, శబ్దం వేరువేరుగా చూపే స్క్రిప్టు రాయగలుగుతారు.
* మీ స్క్రిప్టులోని లోపాలను చిత్రీకరణకు ముందే గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

ఒక సంప్రదింపు తరగతికి నల్లజర్ల దగ్గరి పల్లె నుంచి ఒక విద్యార్థి వచ్చాడు. అతని చేతిలో పన్నెండు పేజీల హారర్ స్క్రిప్టు ఉంది. అందులో పొలం దగ్గర నీళ్ళ తొట్టి అర్ధరాత్రి రక్తంతో నిండిపోతుంది. తొట్టిలోంచి చెయ్యి లేస్తుంది, ఆ తరవాత తల లేస్తుంది. చదవడం పూర్తిచేసి, "నీకు ఎప్పుడైనా నిజంగా భయం వేసిందా?" అని అడిగాను. కొంచెంసేపు ఆలోచించి ఇలా చెప్పాడు : "వేసిందండి. మా తాత పోయిన ఏడాది, మోటారు షెడ్డులో ఒక్కణ్ణే పడుకున్నాను. కరెంటు లేదు. తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడైనట్టనిపించింది. తెల్లారేదాకా బయటికి రాలేదు."

"మరి ఇది రాయలేదేం?" అంటే, "ఇందులో చూపించడానికి ఏముందండి?" అన్నాడు.

ఈ భాగం మొత్తం ఆ ప్రశ్నకు సమాధానమే. అతను నిజంగా భయపడిన రాత్రి రక్తం లేదు, చెయ్యి లేదు, తల లేదు. ఉన్నవి రెండే. ఒకటి, రాకూడని సమయంలో వచ్చిన శబ్దం. రెండు, ఆ శబ్దం పుట్టిన చోటు కనిపించకపోవడం. మొదటిది శబ్ద రచనకు, రెండోది ఫ్రేముకు సంబంధించినది. ఈ రెండింటినీ కాగితం మీద ఎలా రాయాలో ఆ విద్యార్థి కథనే ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

7.2 ఒక పాత ఉదాహరణ : బస్సు వచ్చిన దృశ్యం

1942లో అమెరికాలో 'క్యాట్ పీపుల్' అనే చిన్న బడ్జెట్ చిత్రం విడుదలైంది. నిర్మాత వాల్ ల్యూటన్, దర్శకుడు జాక్ టర్నర్. కోపం వచ్చినప్పుడు తాను చిరుతగా మారిపోతానని నమ్మే ఒక స్త్రీ కథ ఇది. అందులోని ఒక దృశ్యాన్ని ఈనాటికీ సినిమా విద్యార్థులు పాఠంగా చదువుతున్నారు.

రాత్రివేళ ఒక యువతి పార్కు పక్క రోడ్డు మీద ఒంటరిగా నడుస్తుంటుంది. కథానాయిక ఆమె వెనకే వస్తుంటుంది. నేపథ్య సంగీతం లేదు. ఇద్దరి బూట్ల మడమల చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. ఒకసారి ముందు నడిచే మనిషిని, ఒకసారి వెనక వచ్చే మనిషిని చూపుతారు. ఒక దశలో వెనకనుంచి వచ్చే అడుగుల చప్పుడు ఆగిపోతుంది. ముందు నడిచే యువతి ఆ తేడాను పసిగట్టి వెనక్కి చూస్తుంది. ఎవరూ లేరు. ఆమె నడక పరుగవుతుంది. సరిగ్గా చిరుత మీద పడుతుందనుకునే క్షణాన బుస్సుమని ఒక మోత వినిపిస్తుంది, ఫ్రేములోకి ఒక బస్సు దూసుకువచ్చి ఆగుతుంది. ఆ మోత బస్సుదే.

ప్రేక్షకుణ్ణి ఉలిక్కిపడేలా చేసింది బస్సు. కానీ భయం పుట్టింది అంతకుముందే, వెనక అడుగుల చప్పుడు ఆగినప్పుడు. శబ్దం పెరిగినందుకు కాదు, వినపడుతూ ఉన్న శబ్దం లేకుండా పోయినందుకు ప్రేక్షకుడు భయపడ్డాడు. దానికి ముందు కొంతసేపు ఆ చప్పుడుకు అతని చెవిని అలవాటు చేశారు. అలవాటు చేయకుండా ఉంటే, ఆగిపోయిన సంగతి అతనికి తెలిసేదే కాదు.

ఇక్కడినుంచి మనం ఒక సూత్రాన్ని తీసుకోవచ్చు : ముందు శబ్దానికి ఒక అలవాటు ఏర్పరచాలి, తరవాత ఆ అలవాటుకు భంగం కలిగించాలి. బస్సు మోత లాంటి ఉలికిపాటు ఒక్క క్షణం పనిచేస్తుంది. అలవాటుకు కలిగిన భంగం, దానికి కారణం తెలిసేవరకు పనిచేస్తూనే ఉంటుంది.

తెలుగులో కూడా ఈ పద్ధతికి ఉదాహరణలున్నాయి. రామ్‌గోపాల్ వర్మ 1992లో తీసిన 'రాత్రి'లో రేవతి సినిమాహాలులో కూర్చుని ఉండగా, చుట్టూ ఉన్న ప్రేక్షకులందరూ మాయమై హాలు ఖాళీగా కనిపిస్తుంది. జనంతో నిండి ఉండాల్సిన చోటు ఖాళీ కావడమే అక్కడి భయం. రవిబాబు 2012లో తీసిన 'అవును'లో నాయికను వేధించే ఆత్మ కంటికి కనిపించదు. ఆ ఉనికిని ఆమె ప్రవర్తన ద్వారా, ఇంట్లోని ఖాళీ జాగా ద్వారా మనం ఊహించుకోవాలి. రెండు చిత్రాలలోనూ ఖాళీగా ఉన్న చోటే కథ చెబుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1

'క్యాట్ పీపుల్'లోని రోడ్డు దృశ్యంలో అడుగుల చప్పుడు మొదటినుంచీ వినిపించకపోతే ఏమయ్యేది? మూడు వాక్యాలలో రాయండి.

7.3 మీ కథలోని శబ్దాల క్రమాన్ని కనిపెట్టడం

స్క్రిప్టు రాయడానికి ముందు కథాస్థలంలో సహజంగా ఏయే శబ్దాలు, ఏ వరసలో వస్తాయో తెలుసుకోవాలి. ఆ విద్యార్థిని పొలం వెళ్ళి, కళ్ళు మూసుకుని ఒక గంట కూర్చుని, విన్నవన్నీ రాసుకురమ్మన్నాను. అతను తెచ్చిన జాబితాలో రెండు విషయాలు కథకు పనికివచ్చాయి.

మొదటిది మోటారుది. వ్యవసాయానికి రాత్రి విడతలో కరెంటు ఇచ్చిన రోజుల్లో రైతులు బోరు మోటారుకు ఆటో స్టార్టరు పెట్టుకునేవారు. షెడ్డులో ఒక బల్బు వేలాడుతుండేది. కరెంటు వచ్చిందో లేదో చూపించేది ఆ బల్బే. కరెంటు రాగానే బల్బు వెలుగుతుంది. కొద్ది సెకన్ల తరవాత స్టార్టరు 'టక్'మని పడుతుంది. పెట్టెలోంచి సన్నని హోరు మొదలవుతుంది. పైపులో ఉన్న గాలి ముందుగా బుడబుడమంటూ తొట్టిలోకి వస్తుంది. ఆ తరవాతే నీళ్ళు ధారగా పడతాయి. బల్బు, టక్, హోరు, బుడబుడ, ధార. ఈ వరస ఎన్నడూ మారదు, ఎందుకంటే ఇందులో ప్రతిదానికీ దాని ముందున్నదే కారణం.

రెండోది కీచురాళ్ళది. తొట్టి చుట్టూ తడినేలలో కీచురాళ్ళు అరుస్తుంటాయి. మనిషి అడుగు దగ్గరపడితే నేల అదురును బట్టి అవి ఆగిపోతాయి. మనిషి వెళ్ళిపోయాక మళ్ళీ మొదలుపెడతాయి.

ఈ రెండూ ప్రేక్షకుడికి ఒక్కసారి చూపితే చాలు, నియమాలుగా మారతాయి. బల్బు వెలగకుండా నీళ్ళు పడవు. మనిషి దగ్గరికి రాకుండా కీచురాళ్ళు ఆగవు. ఇక మనం చేయవలసింది ఈ నియమాలను తిరగేయడమే. బల్బు ఆరిపోయి ఉండగా తొట్టిలో నీళ్ళు పడాలి. పాత్ర షెడ్డులో కదలకుండా కూర్చుని ఉండగా తొట్టి దగ్గర కీచురాళ్ళు ఆగాలి. ఇందుకు ఒక్క చుక్క రంగు నీళ్ళు కూడా అక్కరలేదు.

నియమాన్ని ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. ప్రేక్షకుడు తేలిగ్గా వేరే కారణం ఊహించుకోగలిగితే భంగం పనిచేయదు. "పక్క పొలం మోటారు నీళ్ళేమో" అని ఒక్కరు అనుకున్నా ఉత్కంఠ జారిపోతుంది. కాబట్టి ఆ దారిని ముందే మూసివేయాలి. మన కథలో షెడ్డు గుమ్మంలోంచి దూరంగా పక్క పొలం వారి బల్బు కూడా ఒక చుక్కలా కనిపిస్తుంది. కరెంటు వచ్చినప్పుడు రెండు బల్బులూ కలిసి వెలుగుతాయి, పోయినప్పుడు కలిసి ఆరతాయి. ఎవరూ మాటలతో వివరించనక్కర లేకుండా ఆ దారి మూసుకుపోతుంది.

7.4 ఫ్రేము : ఒకసారి చూపి, తరవాత దాచడం

ఫ్రేము అనగానే చాలామంది అందులో ఏముందో మాత్రమే ఆలోచిస్తారు. ఫ్రాన్సులో పనిచేసిన సినిమా సిద్ధాంతకర్త నోయెల్ బర్చ్ 1969లో వెలువడిన తన గ్రంథంలో ఫ్రేము బయటి జాగాను ఆరు భాగాలుగా చూడవచ్చని వివరించాడు. ఫ్రేముకు ఎడమ, కుడి, పైన, కింద నాలుగు భాగాలు. కెమెరా వెనక ఉన్నది ఐదోది. తెరమీదే ఉన్నా తలుపు, గోడ, మలుపు లాంటి వాటి వెనక దాగి ఉన్నది ఆరోది. హారర్ రచయిత ప్రతి షాట్‌లోనూ వేసుకోవలసిన ప్రశ్న ఒకటే : భయానికి మూలం ఈ ఆరింటిలో ఏ భాగంలో ఉంది?

మన కథలో సమాధానం స్పష్టం. తొట్టి షెడ్డు గుమ్మానికి కుడివైపు, పది అడుగుల దూరంలో ఉంది. మొదటి దృశ్యంలో షెడ్డు, తొట్టి, వాటి మధ్య దూరం ఒకే వెడల్పాటి షాట్‌లో ఒక్కసారి చూపాలి. ఆ తరవాత చిత్రం ముగిసేవరకు తొట్టిని చూపకూడదు. ఒకసారీ చూపకపోతే, శబ్దం ఎక్కడినుంచి వస్తున్నదో ప్రేక్షకుడికి తెలియదు. తెలియనిచోట భయం ఉండదు, అయోమయం ఉంటుంది. మళ్ళీమళ్ళీ చూపితే అక్కడ ఏమీ లేదని రుజువైపోతుంది.

దాచాక వాడవలసిన ప్రధాన ఫ్రేము ఒక్కటే. కెమెరా షెడ్డు లోపల, గుమ్మానికి ఎదురుగా, కూర్చున్న మనిషి కళ్ళ ఎత్తులో ఉంటుంది. ఫ్రేములో ఎడమ సగం గోడ, స్టార్టరు పెట్టె, వేలాడే బల్బు, వాటి కింద కూర్చున్న పాత్ర. కుడి సగం తెరిచిన గుమ్మం, దాని అవతల చీకటి. తొట్టి కుడి అంచు దాటాక ఉంటుంది. పాత్ర ఎడమవైపు ఉన్నందువల్ల ఫ్రేములో సగం ఖాళీగా మిగులుతుంది. అంత ఖాళీని ఊరికే ఉంచరని ప్రేక్షకుడికి అనుభవంవల్ల తెలుసు. అందుకే అతని కళ్ళు పాత్ర మీద కాక గుమ్మం మీద నిలుస్తాయి. అక్కడికి ఎవరూ రారు. రాకపోవడమే మనకు కావలసింది.

స్వీడన్‌కు చెందిన డేవిడ్ శాండ్‌బర్గ్ 2013లో తన భార్య లొట్టా లోస్టెన్‌ను నటింపజేసి, ఇంట్లోనే తీసిన 'లైట్స్ అవుట్' మూడు నిమిషాలకు మించని లఘుచిత్రం. దీపం ఆర్పితే నడవలో ఒక ఆకారం కనిపిస్తుంది, వేస్తే ఉండదు. చిత్రంలోని ఉత్కంఠలో ఎక్కువ భాగం స్విచ్ శబ్దం, ఒకే నడవ, ఒకే కోణం మీద ఆధారపడింది. అదే కథ 2016లో పూర్తి నిడివి చిత్రమైంది. అయితే మూడు నిమిషాల ఆ చిత్రం చివర్లో వికృతమైన ముఖాన్ని చూపిస్తారు. మన కథలో అదీ వద్దనుకున్నాం.

7.5 స్క్రిప్టు పేజీని రెండుగా విభజించడం

మన సినిమా రచయితలు కాగితాన్ని నిలువుగా రెండుగా విభజించి, ఎడమవైపు దృశ్యాన్ని, కుడివైపు సంభాషణను రాసే పద్ధతి చాలాకాలంగా ఉంది. ఈ రకం లఘుచిత్రానికి అదే పద్ధతి అనుకూలం. కుడివైపు సంభాషణతోపాటు శబ్దాలన్నిటినీ రాయాలి. శబ్దం మొదలైన క్షణం, ఆగిన క్షణం రెండూ వేరువేరు పంక్తులుగా ఉండాలి. ఆగిన క్షణాన్ని రాయకపోతే చిత్రీకరణలో, కూర్పులో ఎవరూ పట్టించుకోరు.

నిడివి విషయంలో మరో చిక్కు ఉంది. సాధారణంగా ఒక పేజీ స్క్రిప్టు తెరమీద ఒక నిమిషం అవుతుందని లెక్క. నిశ్శబ్దం మీద నడిచే కథకు ఈ లెక్క సరిపోదు. "అతను వింటూ కూర్చున్నాడు" అనే ఒక్క వాక్యం తెరమీద నలభై సెకన్లు కావచ్చు. కాబట్టి అలాంటిచోట సెకన్లు రాయండి. రాయకపోతే కూర్పు చేసేవారికి అది అనవసరంగా సాగిన షాట్‌లా కనిపిస్తుంది, కత్తిరించేస్తారు.

ఇప్పుడు ఆ విద్యార్థి తిరగరాసిన స్క్రిప్టును చూడండి. మొత్తం నిడివి ఆరు నిమిషాలు. ఇరుకైన పేజీ కనుక ఇక్కడ రెండు నిలువు వరసలను ఒకదాని కింద ఒకటి ఇస్తున్నాం.

*దృశ్యం 1. కొబ్బరితోట, మోటారు షెడ్డు. రాత్రి. (1 నిమిషం 40 సెకన్లు)*

దృశ్యం : వెడల్పాటి షాట్. ఎడమవైపు షెడ్డు, కుడివైపు సిమెంటు తొట్టి. తొట్టి గట్టు మీద బోర్లించిన ఇత్తడి చెంబు. చంటి, ఇరవై ఏళ్ళ వాడు, చేతిలో పారతో తొట్టి పక్కనుంచి షెడ్డు వైపు నడుస్తాడు.
శబ్దం : కీచురాళ్ళు. చంటి తొట్టి దగ్గర పడగానే ఆగుతాయి. అతను షెడ్డులోకి వెళ్ళాక మళ్ళీ మొదలవుతాయి.

దృశ్యం : షెడ్డు లోపలి ప్రధాన ఫ్రేము. చీకటి. బల్బు వెలుగుతుంది. గుమ్మం అవతల, దూరంగా, మరో బల్బు వెలుగుతుంది.
శబ్దం : (5 సెకన్ల విరామం) టక్. హోరు. బుడబుడ. నీటిధార. ఫోను మోగుతుంది.

పెదనాన్న (ఫోనులో) : ఒరే చంటీ, కరెంటొచ్చిందేంట్రా?
చంటి : ఇప్పుడే వచ్చింది పెదనాన్నా. నీళ్ళు పడుతున్నాయి.
పెదనాన్న : తాత చెంబు అక్కడే ఉందా?
చంటి : ఉంది. గట్టు మీద బోర్లించే ఉంది.
పెదనాన్న : తియ్యకు. నీళ్ళు కట్టొచ్చి, కాళ్ళు కడుక్కుని అలాగే బోర్లించేవోడు. ఉండనీ.

*దృశ్యం 2. అదే చోటు. (1 నిమిషం 10 సెకన్లు)*

దృశ్యం : అదే ఫ్రేము. చంటి గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నాడు. బల్బు ఆరుతుంది. దూరపు బల్బు కూడా ఆరుతుంది.
శబ్దం : హోరు ఆగుతుంది. ధార సన్నబడుతుంది. చుక్కలు. చుక్కలు ఆగుతాయి. (20 సెకన్లు) కీచురాళ్ళు మాత్రమే.

*దృశ్యం 3. అదే చోటు. (2 నిమిషాల 20 సెకన్లు)*

దృశ్యం : అదే ఫ్రేము. గుమ్మంలోంచి పడే మసక వెలుతురు తప్ప చీకటి. చంటి కళ్ళు మూసుకుని ఉన్నాడు.
శబ్దం : కీచురాళ్ళు ఆగుతాయి. (15 సెకన్లు) ఏమీ లేదు.

దృశ్యం : చంటి కళ్ళు తెరుస్తాడు. గుమ్మంవైపు చూడడు. తలెత్తి బల్బును చూస్తాడు. ఆరిపోయే ఉంది.
శబ్దం : బుడబుడ. నీటిధార.

దృశ్యం : దగ్గరి షాట్. ఒకే ఫ్రేములో చంటి ముఖం, ఆరిన బల్బు. (25 సెకన్లు) ఫోను తెర వెలుగు అతని ముఖం మీద పడుతుంది.
శబ్దం : ధార ఆగదు. ఫోను మోగుతుంది.

పెదనాన్న : ఏరా, కరెంటుందా?
చంటి : (గొంతు తగ్గించి) లేదు పెదనాన్నా.
పెదనాన్న : అబద్ధాలాడకురా. నీళ్ళ చప్పుడు నాకిక్కడికి వినబడతంది.

*దృశ్యం 4. అదే చోటు. (50 సెకన్లు)*

దృశ్యం : ప్రధాన ఫ్రేము. చంటి కదలడు. కుడి సగంలో గుమ్మం, చీకటి.
శబ్దం : ధార ఆగుతుంది. (10 సెకన్లు) చెంబుతో నీళ్ళు ముంచిన చప్పుడు. కాళ్ళ మీద పోసుకున్న చప్పుడు. మళ్ళీ ఒకసారి. సిమెంటు మీద చెంబు బోర్లించిన చప్పుడు.

దృశ్యం : తెర నల్లబడుతుంది.
శబ్దం : (8 సెకన్లు) కీచురాళ్ళు మళ్ళీ మొదలవుతాయి.

7.6 ఈ స్క్రిప్టు ఎలా పనిచేస్తున్నది?

మొదటగా, పెదనాన్న చివరి మాటను గమనించండి. అంతవరకు నీళ్ళ చప్పుడు చంటి భ్రమ అనుకునే వీలుంది. ఫోను అవతల ఉన్న మనిషికి కూడా వినిపించేసరికి ఆ వీలు పోయింది. చంటి ఒంటరి అయ్యింది కూడా ఆ క్షణంలోనే, ఎందుకంటే అతని మాట నమ్మగలిగిన ఒకే ఒక్క మనిషి నమ్మలేదు. రక్తంతో నిండిన తొట్టి ఈ పని చేయలేదు. దానిని చూసి ప్రేక్షకుడు కళ్ళు మూసుకోవచ్చు. పెదనాన్న మాట కళ్ళు మూసుకున్నా వినిపిస్తుంది.

రెండోది, చంటి గుమ్మంవైపు చూడకపోవడం. మొదటి ప్రతిలో అతను వెంటనే బయటికి పరుగెత్తి తొట్టిలోకి తొంగిచూశాడు. అలా చూస్తే రచయిత ఏదో ఒకటి చూపించక తప్పదు. చూపించకపోతే మోసం, చూపిస్తే కథ అక్కడితో సరి. బల్బువైపు చూడడం వల్ల ప్రేక్షకుడి మనసులో ఉన్న ప్రశ్నే అతనూ వేసుకున్నట్టయింది : కరెంటు ఉందా?

మూడోది, చివరి శబ్దం. కాళ్ళు కడుక్కుని చెంబు బోర్లించడం భయంకరమైన పని కాదు, ఇంటి మనిషి అలవాటు. వచ్చింది తాతే అయితే భయపడాలా, దుఃఖించాలా అన్నది చంటికి తేలదు. ఆ విద్యార్థి నిజంగా అనుభవించింది అదే. తాతను కోల్పోయిన ఏడాది అది. ఈ సంగతి స్క్రిప్టులోకి రాగానే, దెయ్యం కథ కాస్తా అతని కథ అయింది. చెంబు గురించిన రెండు మాటలు మొదటి దృశ్యంలో లేకపోతే ఈ ముగింపు ఎవరికీ అర్థం కాదు. అందుకే ముగింపు శబ్దాన్ని ముందు నిర్ణయించుకుని, దానికి కావలసిన సమాచారాన్ని వెనక్కి వెళ్ళి అమర్చాలి.

7.7 ఎక్కడ దెబ్బతింటుంది?

ఇలాంటి స్క్రిప్టులు చెడిపోయే చోట్లు ముఖ్యంగా మూడు.

మొదటిది సంగీతం. "భయంకరమైన నేపథ్య సంగీతం" అని స్క్రిప్టులో రాయడం రచయిత తన పనిని మరొకరికి అప్పగించడమే. కీచురాళ్ళు ఆగిన పదిహేను సెకన్లలో వయొలిన్లు మోగితే, అవి ఆగినట్టు ప్రేక్షకుడికి తెలియనే తెలియదు. ఈ రకం చిత్రానికి సంగీతం వద్దనుకుంటే, ఆ మాట స్క్రిప్టు మొదటి పేజీలోనే రాయండి.

రెండోది నిశ్శబ్దం. స్క్రిప్టులో "ఏమీ లేదు" అని రాసినంతమాత్రాన శబ్దపు పట్టీని ఖాళీగా వదలకూడదు. అలా వదిలితే ఫోను పాడైందేమో అనిపిస్తుంది. పొలంలో నిశ్శబ్దమంటే గాలి, కొబ్బరాకుల కదలిక, దూరపు రోడ్డు మీది లారీ. చిత్రీకరించిన చోటే, ఎవరూ కదలకుండా, ఒకటి రెండు నిమిషాల ఖాళీ శబ్దాన్ని విడిగా రికార్డు చేసుకోవాలి. కీచురాళ్ళ అరుపును కూడా విడిగానే రికార్డు చేయాలి. నటుడి మాటలతో కలిసి రికార్డైతే, కూర్పులో వాటిని మనకు కావలసిన క్షణాన ఆపలేం. అలాగే స్టార్టరు 'టక్'ను, నీటిధారను పగటిపూట, మోటారు గురించి తెలిసిన మనిషి దగ్గరుండగా రికార్డు చేయండి. రాత్రి చిత్రీకరణలో స్టార్టరుకు కరెంటు ఉండకూడదు. తడినేల మీద చీకట్లో కరెంటు పెట్టె దగ్గర నటించడం ప్రాణాపాయం. బల్బును బ్యాటరీతో వెలిగించుకోవచ్చు.

మూడోది వినే సాధనం. మీ చిత్రాన్ని చాలామంది ఫోనులోనే చూస్తారు. ఫోను స్పీకరులో మంద్రమైన శబ్దాలు దాదాపు వినిపించవు. హెడ్‌ఫోన్‌లో గుండెలదిరేలా వినిపించిన హోరు ఫోనులో మాయమవుతుంది. అందువల్ల కథ మలుపును హోరు మీద ఆధారపడనివ్వకుండా, టక్, బుడబుడ, చెంబు లాంటి స్పష్టమైన శబ్దాలకు అప్పగించాం. కుడివైపు నుంచి వచ్చే శబ్దం కుడివైపే వినిపిస్తుందన్న నమ్మకం కూడా ఫోనులో పెట్టుకోకూడదు. తొట్టి ఏ దిక్కున ఉందో మొదటి వెడల్పాటి షాట్ చెప్పాలి.

చిత్రీకరణకు ముందే లోపాలు పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. స్క్రిప్టులోని శబ్దాల వరసను మాత్రమే, సెకన్ల విరామాలతో సహా, కళ్ళు మూసుకున్న ఒక స్నేహితుడికి చదివి వినిపించండి. దృశ్యం 3 దగ్గర అతను "కరెంటు లేదుగా?" అని అడిగితే మీ నియమం అతనికి చేరినట్టే. "ఆ చప్పుడు దేనిది?" అని అడిగితే దృశ్యం 1 ఇంకా బలంగా లేదని అర్థం. అప్పుడు దిద్దవలసింది దృశ్యం 3ని కాదు, దృశ్యం 1ని.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2

దూరపు బల్బును స్క్రిప్టు నుంచి తొలగిస్తే, దృశ్యం 3లో ప్రేక్షకుడికి కలగగల సందేహం ఏమిటి?

7.8 సారాంశం

ఉత్కంఠకు మూలం శబ్దం పెద్దదిగా ఉండడం కాదు, అలవాటైన శబ్దక్రమం తప్పడం. అందుకే కథాస్థలంలో కారణకార్య సంబంధం ఉన్న ఒక శబ్దక్రమాన్ని వెతికి, దాన్ని ఒకసారి సక్రమంగా చూపి, తరవాత తప్పించాలి. శబ్దం పుట్టే చోటును మొదట్లో ఒక్కసారి చూపి, ఆపైన ఫ్రేము బయటే ఉంచాలి. శబ్దం మొదలైన, ఆగిన క్షణాలను, విరామాల సెకన్లను స్క్రిప్టులో రాయాలి. ప్రేక్షకుడు ఊహించగల ఇతర కారణాలను ముందే మూసివేయాలి.

7.9 అభ్యాసం

1. మీ ఇంట్లోగాని, పని చేసే చోటగాని కళ్ళు మూసుకుని ఒక గంట కూర్చోండి. ఒకదానికొకటి కారణమయ్యే మూడు శబ్దాల వరసను గుర్తించి రాయండి. ఆ వరస ఎక్కడ తప్పితే మీకు భయం వేస్తుందో ఒక పేరాలో వివరించండి.

2. ఆ వరస ఆధారంగా మూడు నిమిషాల లఘుచిత్రానికి దృశ్యం, శబ్దం వేరువేరుగా చూపుతూ స్క్రిప్టు రాయండి. సంభాషణ ఐదు వాక్యాలకు మించకూడదు. సంగీతం వాడకూడదు.

3. పై స్క్రిప్టులో చంటి చివర్లో గుమ్మం దాటి బయటికి వెళితే ముగింపు ఎలా మారుతుంది? ఆ మార్పు వల్ల కలిగే లాభనష్టాలను చర్చించండి.